ఏడు రోజుల్లో తగ్గని జబ్బుకు ఏడు రోజుల ఫాలో అప్

మన ఊళ్లలో ఓపీ చీటీకి ఒక ఆయుష్షు ఉంటుంది. ఒకసారి ఫీజు కడితే వారం లోపు, కొన్ని ఆస్పత్రుల్లో పది పదిహేను రోజుల లోపు, రిపోర్టులు చూపించుకోవడానికి మళ్లీ వెళ్లినా డబ్బు అడగరు. ఆ తేదీ దాటితే కొత్త చీటీ రాయించుకోవాల్సిందే. ఇది ఎవరూ చట్టం చేసి పెట్టింది కాదు, ఆనవాయితీగా వచ్చింది. ఫోనులో డాక్టరును చూపించే యాప్‌లు సంవత్సరానికి ఇంత అని ప్లాన్లు అమ్మడం మొదలుపెట్టాక ఈ ఆనవాయితీ కూడా వాటిలోకి చేరింది. 'ఉచిత ఫాలో అప్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎన్నాళ్ల లోపు, ఏ డాక్టరుతో, వీడియోలోనా లేక మెసేజుల్లోనా అన్నవి మాత్రం షరతుల పేజీలో ఎక్కడో కింద ఉంటాయి. మూడు రోజులని, ఏడు రోజులని రాసి ఉండటం మామూలే.

ఈ ప్లాన్లు కొనేది ఎక్కువగా పిల్లలు, వాడేది తల్లిదండ్రులు. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్లో ఉన్న అమ్మకు షుగరు ఉందని, నాన్నకు బీపీ ఉందని ఏడాది డబ్బు కడతాడు. అలాంటి ఇంట్లో ఫాలో అప్ షరతును మిగతా అన్నిటికంటే ముందు చదవాలి. ఎందుకంటే దీర్ఘకాల జబ్బులకు వైద్యం అంటే ప్రధానంగా ఫాలో అప్పే. మొదటి రోజు మందు రాయడం అందులో చిన్న భాగం. ఆ మందు పనిచేసిందా, మోతాదు పెంచాలా తగ్గించాలా అని తేల్చే రోజు తరువాత వస్తుంది.

ఆ రోజు ఎప్పుడు వస్తుందన్నది జబ్బును బట్టి ఉంటుంది. జ్వరమైతే రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షనుకు యాంటీబయాటిక్ ఇస్తే, అది పడుతోందో లేదో రెండు మూడు రోజుల్లోనే చెప్పవచ్చు. ఇలాంటి వాటికి ఏడు రోజుల గడువు చక్కగా సరిపోతుంది. థైరాయిడ్ సంగతి వేరు. మాత్ర మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ అంకె కొత్త స్థాయిలో నిలబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతకు ముందే పరీక్ష చేయిస్తే వచ్చే అంకెను నమ్మి మోతాదు మార్చడం తప్పు. షుగరుకు చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది కాబట్టి, మందు మార్చాక దాదాపు మూడు నెలలకు గానీ దాన్ని మళ్లీ చూడటంలో అర్థం లేదు. బీపీ మందు మారిస్తే రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. చర్మం మీద తామరకు పూత మందు రాస్తే రెండు మూడు వారాలైనా వాడి చూడాలి.

కాబట్టి షుగరు, థైరాయిడ్, బీపీ ఉన్న మనిషికి ఏడు రోజుల ఉచిత ఫాలో అప్ దాదాపు అక్కరకు రాదు. డాక్టరు 'ఆరు వారాల తరువాత రండి' అన్నప్పుడు, ఆ రావడాన్ని వైద్యుడు ఫాలో అప్ అనుకుంటాడు, ప్లాను మాత్రం కొత్త కన్సల్టేషనుగా లెక్కిస్తుంది. ప్లానులో ఇచ్చిన నాలుగు స్పెషలిస్టు కన్సల్టేషన్లలో ఒకటి అక్కడ ఖర్చయిపోతుంది. రాసుకున్న షరతు ప్రకారమే జరిగింది కాబట్టి దీన్ని మోసం అనలేం. కానీ ఆ షరతును పెట్టినవాళ్లు రోగి జబ్బును చూసి గడువు పెట్టలేదన్నది నిజం.

మన దేశంలో దీనికి మరో కొలత కూడా ఉంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలను విడుదల చేసింది. డాక్టర్ల వృత్తి నియమావళిలో వాటిని తరువాత భాగం చేశారు. ఫోనులో చూసే డాక్టరుకు ఏది ఫాలో అప్, ఏది మొదటి కన్సల్టేషన్ అన్నది అందులో స్పష్టంగా ఉంది. అదే డాక్టరు కావాలి. అదే జబ్బు కొనసాగింపు కావాలి. రోగి ఆ డాక్టరును ఎదురుగా వెళ్లి చూపించుకుని ఆరు నెలలు దాటకూడదు. ఈ మూడూ ఉంటేనే ఫాలో అప్. జబ్బు అదే అయినా దానితో సంబంధం లేని కొత్త లక్షణాలు వచ్చినా, వెనుకటి వైద్యం డాక్టరుకు గుర్తు లేకపోయినా అది మొదటి కన్సల్టేషన్ కిందికే వస్తుంది.

ఈ తేడా ఫీజు కోసం పెట్టింది కాదు, మందుల కోసం పెట్టింది. ఫోనులో ఏ మందు రాయొచ్చన్నది ఇదే నిర్ణయిస్తుంది. పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా చెప్పవచ్చు. మొదటిసారి వీడియోలో చూసిన డాక్టరు పూత మందులు, కంటి చుక్కలు, చెవి చుక్కలు లాంటి అపాయం తక్కువ ఉన్నవి రాయవచ్చు. షుగరు, బీపీ మందుల విషయంలో, గత ఆరు నెలల్లో ఏదో ఒక డాక్టరు ఎదురుగా చూసి రాసిచ్చిన మందునైతే కొనసాగించమని రాయవచ్చు. అయితే పాత మందుకు తోడు ఇంకో మందు చేర్చాలంటే ఆ కన్సల్టేషన్ ఫాలో అప్ అయి ఉండాలి. మార్గదర్శకాల్లోనే ఇచ్చిన ఉదాహరణ మెట్‌ఫార్మిన్‌కు సిటాగ్లిప్టిన్ జోడించడం. ఇక షెడ్యూల్ ఎక్స్ మందులు, మార్ఫిన్ లాంటి మాదక ద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి ఫోను మీద రాయకూడదు.

ఇప్పుడు చాలా ప్లాన్లు ఇచ్చే 'ఎప్పుడు కావాలంటే అప్పుడు డాక్టరు' అనే మాటను ఈ నిబంధన పక్కన పెట్టి చూడండి. ఆ సమయానికి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఫోను ఎత్తుతారు. ప్రతిసారీ కొత్త డాక్టరే. అంటే నిబంధన ప్రకారం ప్రతిసారీ మొదటి కన్సల్టేషనే. షుగరు తగ్గనివాళ్లకు కొత్త మందు చేర్చాల్సిన సమయంలో, నిబంధన పాటించే డాక్టరు 'దగ్గర్లో ఎవరికైనా చూపించుకోండి' అని చెప్పి వదిలేస్తాడు. రోగికి అది డాక్టరు నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి ఆయన సరిగానే చేశాడు. అక్కడ తప్పింది ప్లాను అమరికే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన మనిషి, ఊహించిన ప్లాను. తెనాలిలో ఉండే 58 ఏళ్ల ఆవిడకు షుగరు, థైరాయిడ్ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, రోజుకు 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వాడుతున్నారు. కొడుకు జనవరిలో 3,000 రూపాయల ప్లాను కొన్నాడు. జనరల్ డాక్టరుతో ఎన్నిసార్లైనా మాట్లాడవచ్చు. స్పెషలిస్టు కన్సల్టేషన్లు నాలుగు. ఏడు రోజుల లోపు మెసేజుల్లో ఫాలో అప్ ఉచితం. ప్లాను లేకపోతే అదే యాప్‌లో స్పెషలిస్టుకు 600, జనరల్ డాక్టరుకు 300 రూపాయలు.

జనవరి 6న హార్మోన్ల డాక్టరుతో, అంటే ఎండోక్రైనాలజిస్టుతో వీడియో కాల్. పరీక్షలు రాశాడు. రెండు రోజుల్లో రిపోర్టులు వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 8.6, టీఎస్‌హెచ్ ఎక్కువ. రిపోర్టులు మెసేజులో పంపితే చూశాడు. ఇక్కడ ఏడు రోజుల గడువు అక్కరకొచ్చింది. ఆయన చెప్పిన సమాధానం మాత్రం 'కొత్త మందు చేర్చాలి, ఒకసారి ఎదురుగా చూడాలి' అని. ఆయన విజయవాడలో ప్రాక్టీసు చేస్తాడు కాబట్టి జనవరి 19న ఆవిడ బస్సెక్కి వెళ్లి చూపించుకున్నారు. ఫీజు 700, ప్లానుకు సంబంధం లేదు. సిటాగ్లిప్టిన్ చేర్చి, థైరాక్సిన్ 75కు పెంచాడు. నిబంధన ప్రకారం ఆరు నెలల గడియారం ఆ రోజు మొదలైంది. జులై 19 దాకా ఇదే డాక్టరు ఇవే జబ్బులకు ఫోనులో ఫాలో అప్ చూడవచ్చు, అవసరమైతే మందు జోడించవచ్చు.

మార్చి 3న, ఆరు వారాలు నిండాక, టీఎస్‌హెచ్ రిపోర్టుతో వీడియో కాల్. నిబంధన దృష్టిలో అచ్చమైన ఫాలో అప్. ప్లాను దృష్టిలో రెండో స్పెషలిస్టు కన్సల్టేషన్. ఏప్రిల్ 20న మూడు నెలల షుగరు పరీక్షతో మళ్లీ మాట్లాడితే మూడోది. మే 11న నడుము దగ్గర తామరకు చర్మ వైద్యుడికి చూపిస్తే నాలుగోది. మూడు వారాలు పూత మందు వాడి, పూర్తిగా తగ్గలేదని జూన్ 1న మళ్లీ మాట్లాడితే ఏడు రోజులు దాటింది కాబట్టి 600 కట్టాలి. జులై 15న, గడువు తీరకముందే, మళ్లీ విజయవాడ వెళ్లి 700 ఇచ్చి ఎదురుగా చూపించుకున్నారు. ఆరు నెలలు మళ్లీ మొదలయ్యాయి. అక్టోబరులో షుగరు రిపోర్టుతో ఇంకో వీడియో కాల్, ఇంకో 600. మధ్యలో జ్వరానికి, విరేచనాలకు, బీపీ అనుమానానికి జనరల్ డాక్టరుతో మూడుసార్లు మాట్లాడారు.

ఏడాది ఖర్చు ప్లానుతో 3,000, పైన కట్టినవి 1,200, ఎదురుగా చూపించుకున్నవి 1,400. మొత్తం 5,600. ప్లాను లేకుండా అయితే ఆరు స్పెషలిస్టు కాల్స్‌కు 3,600, జనరల్ డాక్టరుకు 900, విజయవాడ ఫీజులు 1,400. మొత్తం 5,900. ఏడాదికి మిగిలింది 300 రూపాయలు. అదే ప్లానులో ఫాలో అప్ గడువు 30 రోజులుండి, వీడియోలో కూడా చూసేటట్లైతే జూన్ 1 నాటి 600 తప్పేది, మిగులు 900 అయ్యేది. కాబట్టి 'ఎన్ని కన్సల్టేషన్లు' అన్న అంకె ఎంత పెద్దదో చూసి సంబరపడటం కంటే, మీ ఇంట్లో ఉన్న జబ్బుకు డాక్టరు ఎన్ని వారాలకోసారి రమ్మంటాడో కాగితం మీద రాసుకుని, గడువుతో పోల్చడం మేలు. పాత చీటీల్లోనే ఆ వివరం ఉంటుంది.

స్పెషలిస్టు దగ్గరకు చేరే దారిని కూడా చూసుకోవాలి. కొన్ని ప్లాన్లలో నేరుగా స్పెషలిస్టును ఎంచుకోనివ్వరు. ముందు జనరల్ డాక్టరు మాట్లాడి, ఆయన పంపితేనే వెళ్లాలి. వైద్యపరంగా ఇది చెడ్డ పద్ధతేమీ కాదు. కడుపు మంటను గుండె నొప్పి అనుకుని గుండె డాక్టరు కోసం వెతికేవాళ్లను ఆపుతుంది. కానీ జబ్బు ఏమిటో తేలిపోయి ఏళ్లుగా మందు వాడుతున్న మనిషి కూడా ప్రతిసారీ ఆ గడప దాటాల్సి వస్తే అదనపు శ్రమే. ఇలా పంపించడం కోసం చేసిన కాల్స్‌ను 'ఎన్నిసార్లైనా ఉచితం'లో లాభంగా వేసుకోకూడదు. అవి ప్లాను పెట్టిన నియమం వల్ల పుట్టినవే.

స్పెషలిస్టు అని ఎవరిని అంటున్నారో కూడా చూడాలి. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్లు ఒక స్థాయి, ఆపైన ఎండోక్రైనాలజీలోనో కార్డియాలజీలోనో డీఎం చేసినవాళ్లు ఇంకో స్థాయి. డయాబెటాలజిస్టు అని పేరు పక్కన ఉన్నంత మాత్రాన అది డీఎం అని అర్థం కాదు. స్వల్పకాల కోర్సు చేసినవాళ్లు కూడా ఆ మాట వాడతారు. వాళ్లు షుగరు బాగా చూడగలరు, అందులో చిన్నతనం లేదు. కానీ ప్లానులో హార్మోన్ల స్పెషలిస్టు అని చదివి డబ్బు కట్టినప్పుడు ఎవరు వస్తారో తెలిసి ఉండాలి. మార్గదర్శకాల ప్రకారం యాప్ తన దగ్గరున్న ప్రతి డాక్టరు పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి. ప్రిస్క్రిప్షన్ మీద కూడా ఆ నంబరు ఉండాలి. డబ్బు కట్టకముందే డాక్టర్ల జాబితా చూడనిచ్చే యాప్ మీద నాకు నమ్మకం ఎక్కువ. కట్టిన తరువాతే జాబితా తెరుచుకునేదాన్ని నేనైతే మా ఇంట్లో ఎవరికీ కొననివ్వను.

అదే డాక్టరు మళ్లీ దొరుకుతాడా అన్నది అమ్మేవాళ్లను నేరుగా అడగాలి. డాక్టర్లు యాప్‌ల నుంచి వెళ్లిపోతూ ఉంటారు. వెళ్లిపోయినప్పుడు రోగి చరిత్ర కొత్త డాక్టరుకు కనిపిస్తుందా అనేది ఇంకో ప్రశ్న. కనిపించినా మన జాగ్రత్త మనం పడటం మంచిది. ప్రతి కన్సల్టేషన్ తరువాత ప్రిస్క్రిప్షన్‌నూ, రిపోర్టులనూ పీడీఎఫ్‌గా దించుకుని, అమ్మానాన్నల ఫోనులోనే ఒకచోట పెట్టాలి. ఎదురుగా చూసిన డాక్టరు చీటీని ఫోటో తీసి, తేదీ కనిపించేలా దానితో కలపాలి. ఆరు నెలల నిబంధనలో తేదీ ముఖ్యం. ఆ చీటీ చూపించగలిగితే కొత్త డాక్టరు కనీసం పాత మందు కొనసాగించడానికైనా వీలుంటుంది.

ఊళ్లలో మరో ఇబ్బంది సిగ్నల్. రెండు నిమిషాలు మాట్లాడాక వీడియో తెగిపోతే అది వాడేసిన కన్సల్టేషనా కాదా? దీన్ని పోల్చుకునే ఆనవాలు ప్రిస్క్రిప్షనే. డాక్టరు సలహా రాసి పంపాడంటే పూర్తయినట్టు లెక్కిస్తారు. ఏమీ రాకుండానే యాప్‌లో 'పూర్తయింది' అని కనిపిస్తే, ఆ రోజే తెరను ఫోటో తీసి ఫిర్యాదు పెట్టాలి. వారం ఆగితే కాల్ వివరాల మీద వాదించడం కష్టమవుతుంది.

ఇక అమెరికా ప్రయాణం. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వెళ్లే తల్లిదండ్రులు మన ఇళ్లలో ఎందరో. ఇక్కడి ప్లానుంది కదా, అక్కడి నుంచే మన డాక్టరుతో మాట్లాడవచ్చులే అనుకుంటారు. 2020 మార్గదర్శకాలు భారతదేశం పరిధి దాటిన కన్సల్టేషన్లకు వర్తించవు. అమెరికాలో సాధారణంగా రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర లైసెన్సు ఉన్న డాక్టరే చూడాలి. ఇక్కడి డాక్టరు రాసిన చీటీతో అక్కడి మందుల షాపులో మందు ఇవ్వరు. అందుకే బయలుదేరే ముందు ఎదురుగా చూపించుకుని, పరీక్షలు చేయించి, ఉండబోయే కాలానికి సరిపడా మందులు చీటీతో సహా తీసుకెళ్లడమే దారి. ఆ ఆరు నెలలు ప్లాను చెల్లుతున్నా వాడుకోలేరు కాబట్టి, మధ్యలో ఆపి తరువాత కొనసాగించే వీలుందా అని కొనేటప్పుడే అడగవచ్చు.

డబ్బు కట్టి ప్లాను కొనేముందు, ఊళ్లో ఉచితంగా ఉన్నదాన్ని తెలుసుకోవడం కూడా అవసరమే. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని కింద గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచే పెద్దాస్పత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తారు. 2019 నవంబరులో ఈ పద్ధతిని మొదట మొదలుపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. రోగి పక్కన బీపీ చూసే ఆరోగ్య కార్యకర్త ఉండటం అందులో ఉన్న గొప్ప సౌలభ్యం. యాప్ ఇవ్వలేనిది అదే. దిగులు, నిద్రలేమి, ఆందోళన లాంటి వాటికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. అది కూడా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చేయి పడిపోవడం లాంటివి వస్తే ఏ ప్లానునూ తెరవకుండా 108కి ఫోను చేయాలి.

ఏడాది ముగిశాక ప్లాను దానంతట అదే కొనసాగే ఏర్పాటు చాలా వాటిలో ఉంటుంది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందే మనకు సమాచారం రావాలి, ఆపేసే వీలు ఉండాలి. ఆ మెసేజు కొనుగోలు చేసిన కొడుకు ఫోనుకు వస్తుంది, వాడుతున్న అమ్మ ఫోనుకు కాదు. మెసేజు రాగానే అతను చేయాల్సిన పని ఒకటే. అమ్మకు ఫోను చేసి, ఈ ఏడాది ఏ డాక్టరుతో ఎన్నిసార్లు మాట్లాడావు, ఎన్నిసార్లు పైన డబ్బు కట్టావు అని అడగడం. సరిపడలేదంటే అప్పుడే ఆపేయడం. రద్దు చేసే బటన్‌ను దొరక్కుండా దాచడం, రద్దును కావాలని కష్టం చేయడం 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన పద్ధతుల్లో ఉంది. దాని పేరు సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. ముందు యాప్‌లోనే ఫిర్యాదు రాసి, ఆ నంబరు దగ్గర పెట్టుకుని, సమాధానం రాకపోతే 1915కు ఫోను చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదులో కట్టిన తేదీ, రద్దు అడిగిన తేదీ, షరతుల పేజీ ఫోటో ఉంటే పని త్వరగా కదులుతుంది. ఆ పేజీని కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఏడాది మధ్యలో అవి మారుతుంటాయి.